వేలొక చోట, నీలిరంగు మరో చోట

ఒక బడి పాత వార్షిక సంచికను ఎవరో ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపారనుకుందాం. పేజీ కంటికి చక్కగానే ఉంది. శీర్షికను సెలెక్ట్ చేస్తే నీలిరంగు దాని మీదే పడింది. పేజీ సగానికి వచ్చేసరికి ఆ పట్టీ రెండు వరసల నడుమ ఖాళీలో నిలబడింది. అడుగున ఉన్న పేరును కాపీ చేయబోతే, వేలు పెట్టిన చోట ఏమీ కదలక, బెత్తెడు దూరం కాకపోయినా సెంటీమీటరు పైన ఎక్కడో రంగు వెలిగింది. కాపీ చేసినదాన్ని వాట్సాప్‌లో పెడితే మధ్య వరసల్లో మరీ విచిత్రం: వేలు పెట్టింది ఒక వాక్యం మీద, వచ్చింది దాని కింది వరసలోని వాక్యం.

ఫోన్‌ను తిట్టుకునే ముందు, తెర మీద కనిపిస్తున్నది ఏమిటో చూడాలి. స్కాన్ చేసిన పేజీలో కంటికి కనిపించే అక్షరాలు అక్షరాలు కావు, ఫొటో. ఓసీఆర్ అనే ప్రక్రియ ఆ ఫొటోను చదివి, ఏ మాట ఎక్కడుందో గుర్తించి, అదే మాటను అదే చోట కనిపించని అక్షరాలతో మళ్లీ రాస్తుంది. ఫొటో మీద పరిచిన ట్రేసింగ్ కాగితం లాంటిదన్నమాట. మనం వేలుతో పట్టుకునేదీ, వెతికితే దొరికేదీ, కాపీ అయ్యేదీ ఆ పై పొరలోని మాటలే. పీడీఎఫ్ లోపల ఆ పొరకు `3 Tr` అనే ఆదేశం ఉంటుంది. అక్షరం ఉండాలి గానీ రంగు పడకూడదని దాని అర్థం. పై కాగితం జరిగితే కింది బొమ్మ జరగదు కాబట్టి, చదివేటప్పుడు ఎవరికీ తేడా తెలియదు. సెలెక్ట్ చేసినప్పుడే బయటపడుతుంది.

అసలు ఎందుకు జరుగుతుంది? చాలాసార్లు కారణం కొలతల లెక్క. ఫొటోను పిక్సెళ్లలో కొలుస్తారు, పీడీఎఫ్ పేజీని పాయింట్లలో. అంగుళానికి 72 పాయింట్లు. ఏ4 పేజీ దాదాపు 595 పాయింట్ల వెడల్పు, 842 పాయింట్ల ఎత్తు. ఓసీఆర్ ఒక మాటను ఫొటోలో ఫలానా పిక్సెల్ దగ్గర చూశానంటుంది. దాన్ని పేజీ మీద ఎక్కడ పెట్టాలో తేల్చడానికి అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో తెలియాలి. ఆఫీసు స్కానర్ అయితే గాజుపలక మీద కాగితాన్ని పెట్టి కొలిచి ఆ అంకెను ఫైల్లో రాస్తుంది. ఫోన్ కెమెరాకు కాగితం ఎంత దూరంలో ఉందో, ఎంత పెద్దదో తెలియదు. అందుకే ఫోన్ ఫొటోల్లో ఆ అంకె ఉండదు, ఉన్నా ఊరికే వేసిన 72 కావచ్చు. అప్పుడు ప్రతి ప్రోగ్రామూ తనకు తోచిన అంకె వేసుకుంటుంది. పేజీ తయారుచేసినవాడు ఒకటి, పొర వేసినవాడు మరొకటి అనుకుంటే తేడా మొదలైనట్టే.

మన వార్షిక సంచికలో జరిగింది అదే. స్కాన్ యాప్ ఒక్కో పాయింటుకు నాలుగు పిక్సెళ్ల చొప్పున పేజీని చేసింది: 2380 పిక్సెళ్ల వెడల్పు, 3368 ఎత్తు. అంటే అంగుళానికి 288. తర్వాత వేరే ప్రోగ్రామ్‌లో ఓసీఆర్ చేయించినవారు అలవాటుగా 300 అని ఇచ్చారు. వంద రూపాయలకు నాలుగు రూపాయల తేడా, అంతే. కానీ అది ఎక్కడ ఎంతవుతుందో చూడండి. పై అంచు నుంచి 200 పిక్సెళ్ల కింద ఉన్న శీర్షిక 50 పాయింట్ల దగ్గర ఉండాల్సింది 48 దగ్గర పడింది. రెండు పాయింట్లు ఎవరికీ కనిపించవు. 3000 పిక్సెళ్ల దగ్గరి మాట 750 పాయింట్ల దగ్గర ఉండాల్సింది 720 దగ్గరికి వెళ్లింది. ముప్పై పాయింట్లంటే సెంటీమీటరు పైమాట, మామూలు అచ్చులో రెండు వరసలు. కుడివైపూ అంతే, అంచుకు పోయేకొద్దీ పొర ఎడమకు జారుతుంది. అడుగు వరసల దగ్గరికి వచ్చేసరికి పొరే అయిపోయింది కాబట్టి, అక్కడ వేలు పెడితే పైనున్న చివరి మాటలు వెలుగుతాయి.

దీన్ని ఊహించనక్కర్లేదు, కొలిచి చూడొచ్చు. కంప్యూటర్లో పాప్లర్ అనే ఉచిత పనిముట్ల కట్ట ఉంటే మూడు ఆదేశాలు చాలు:

```
pdfinfo sanchika.pdf
pdfimages -list sanchika.pdf
pdftotext -bbox sanchika.pdf matalu.html
```

మొదటిది పేజీ కొలత చెబుతుంది. రెండోది ఫొటోలో ఎన్ని పిక్సెళ్లున్నాయో, పేజీ మీద అంగుళానికి ఎన్ని పడుతున్నాయో `x-ppi`, `y-ppi` అనే గడుల్లో చూపిస్తుంది. మూడోది పొరలోని ప్రతి మాటకూ స్థానం రాసిపెడుతుంది, పేజీ పై అంచు నుంచి లెక్కించి. పైనుంచి ఒక మాట, అడుగు నుంచి ఒక మాట తీసుకుని, ఫొటోలో అవి నిజంగా ఎక్కడున్నాయో పోల్చాలి. రెండు చోట్లా తేడా ఒకటే అయితే పొర మొత్తం పక్కకు జరిగింది, అంతే. పేజీ అంచులు కత్తిరించినప్పుడు ఇలా అవుతుంది. దూరం పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే అంగుళం లెక్క తప్పింది. మూడో ఆదేశం ఒక్క మాట కూడా ఇవ్వకపోతే ఫైల్లో అసలు పొరే లేదు. ఐఫోన్, మాక్‌లలో లైవ్ టెక్స్ట్ అప్పటికప్పుడు బొమ్మను చదివి సెలెక్ట్ చేయనిస్తుంది. అక్కడి తప్పుకు పీడీఎఫ్‌ను సరిదిద్ది లాభం లేదు.

లెక్క సరిగ్గా ఉన్నా పొర తప్పే సందర్భాలు మరి కొన్ని ఉన్నాయి. ఓసీఆర్ ప్రోగ్రామ్ వంకరగా ఉన్న ఫొటోను తనకోసం నిటారుగా తిప్పుకుని చదివి, పీడీఎఫ్‌లో మాత్రం పాత వంకర ఫొటోనే ఉంచిందనుకోండి. ఒక్క డిగ్రీ వంకర చాలు, 500 పాయింట్ల వరసలో ఈ కొసకూ ఆ కొసకూ దాదాపు 9 పాయింట్ల తేడా. వరస ఎడమ కొసన రంగు సరిగ్గా పడి, కుడి కొసకు వచ్చేసరికి సగం వరస ఎత్తుకో లోతుకో పోతే కారణం ఇదే. నీలిరంగు పట్టీలు ఏకంగా నిలువుగా పడుతుంటే, ఫోన్ ఫొటోను అడ్డంగా దాచి ‘చూపించేటప్పుడు తిప్పు’ అని పక్కన రాసుకున్న గుర్తును రెండింటిలో ఒక ప్రోగ్రామ్ పట్టించుకోలేదన్నమాట.

అన్నింటికన్నా మొండిది కుట్టిన పుస్తకం. వెన్ను దగ్గర పేజీ లోపలికి వంగుతుంది, వరసలు విల్లులా అవుతాయి. ఒక మాట దగ్గర సరిచేస్తే పక్కమాట దగ్గర తప్పుతుంది. అలాంటి పొరను జరిపి, సాగదీసి సర్దలేం. ముందు బొమ్మనే చదును చేయాలి. స్కాన్‌టైలర్ అడ్వాన్స్‌డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లు వంగిన వరసలను గుర్తించి సాపు చేస్తాయి. చదును, కత్తిరింపు, తిప్పడం అన్నీ అయ్యాకే ఓసీఆర్. ఆ తర్వాత బొమ్మను ముట్టుకోకూడదు.

ఇక మరమ్మతు. పొరలోని మాటలను ఎవరూ చేత్తో దిద్ది ఉండకపోతే, పాతదాన్ని సర్దుతూ కూర్చోవడం దండగ. తీసేసి కొత్తది వేయడమే తేలిక. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పని చేస్తుంది. లోపల చదివేది టెసరాక్ట్. ఉబుంటులో అయితే తెలుగు కోసం `tesseract-ocr-tel` అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి.

```
ocrmypdf --redo-ocr -l tel+eng sanchika.pdf kotta.pdf
```

ఇది కనిపించని పాత అక్షరాలను తీసేసి, పేజీ కొలతను పీడీఎఫ్ నుంచే తీసుకుని కొత్త పొర వేస్తుంది. ఎవరి ఊహా అవసరం లేదు కాబట్టి మన సంచికకు ఇది చాలు. పేజీలు వంకరగా ఉంటే మాత్రం ఇది చాలదు, దీంతోపాటు వంకర తీసే ఆదేశం ఇవ్వనివ్వదు. అప్పుడు బొమ్మనే మళ్లీ తయారుచేయించాలి:

```
ocrmypdf --force-ocr --deskew --rotate-pages -l tel+eng sanchika.pdf kotta.pdf
```

కొన్ని ఫైళ్లలో పాత అక్షరాలు కనిపించని రకం కావు. మామూలు అక్షరాలు రాసి, వాటి మీద ఫొటో కప్పేసి ఉంటారు. మొదటి ఆదేశం వాటిని గుర్తుపట్టదు, రెండోదే పట్టాలి. అయితే అది ప్రతి పేజీనీ కొత్త బొమ్మగా మారుస్తుంది కాబట్టి ఫైలు బరువు పెరగొచ్చు. అసలు ఫైలును దాచుకుని చేయడం మంచిది.

పొరలోని తప్పులను ఎవరైనా రోజుల తరబడి దిద్ది ఉంటే సంగతి వేరు. ఆ శ్రమను పారేయలేం. అప్పుడు మాటలను అలాగే ఉంచి, పొరను మాత్రం సాగదీయాలి. మన సంచికలో 300ను 288తో భాగిస్తే 1.0417. పొరను అన్ని రెట్లు పెంచాలి, కానీ ఎడమ పై మూలను కదలనివ్వకూడదు. పీడీఎఫ్ ఎత్తును అడుగు నుంచి కొలుస్తుంది కనుక, పెంచినప్పుడు పొర పైకి పొడుచుకొస్తుంది. అది 842లో 24వ వంతు, అంటే 35.08 పాయింట్లు. అంత కిందికి దించాలి. ముందుగా ఫైలును చదవగలిగే రూపంలోకి విప్పాలి:

```
qpdf --qdf --object-streams=disable sanchika.pdf vippina.pdf
```

దాన్ని బైట్లను చెడగొట్టని ఎడిటర్‌లో తెరిస్తే, అక్షరాల భాగం `BT` దగ్గర మొదలై `ET` దగ్గర ముగుస్తుంది. దాని ముందూ వెనకా చెరో వరస చేర్చాలి:

```
q 1.0417 0 0 1.0417 0 -35.08 cm
BT
...
ET
Q
```

తర్వాత `fix-qdf vippina.pdf > kotta.pdf` అంటే ఫైలు లోపలి లెక్కలు సర్దుకుంటాయి. అడుగు నుంచి 122 పాయింట్ల ఎత్తున ఉన్న మాట ఇప్పుడు 92 దగ్గరికి దిగుతుంది. పై నుంచి చూస్తే సరిగ్గా 750. ఫొటోను గీసే ఆదేశం ఈ రెండు వరసల మధ్య పడకూడదు, పడితే బొమ్మా సాగుతుంది, తేడా అలాగే ఉంటుంది. `BT`కి పైన అప్పటికే వేరే `cm` వరస అమల్లో ఉంటే ఈ అంకెలు పనికిరావు, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఒక పేజీ చేసి, పైన ఒక మాటా అడుగున ఒక మాటా వెతికి చూసుకున్నాకే మిగతావి ముట్టుకోవాలి.

ఇంత చేసినా తెలుగులో ఒక తేడా మిగులుతుంది, దాన్ని తప్పని పొరబడి మళ్లీ మొదటికి రానక్కర్లేదు. టెసరాక్ట్ పొరలో వాడేది ఆకారంలేని ఫాంట్. మాట మొత్తాన్ని దాని పెట్టెకు సరిపడా సాగదీసి, లోపలి కోడ్‌లకు తలా ఒక సమాన వాటా ఇస్తుంది. ఇంగ్లీషులో అక్షరానికొక కోడ్ కాబట్టి సుమారుగా కుదురుతుంది. ‘స్వాతంత్ర్యం’ కంటికి మూడు అక్షరాలు, లోపల మాత్రం పన్నెండు కోడ్‌లు: ‘స్వా’కు నాలుగు, ‘తం’కు రెండు, ‘త్ర్యం’కు ఆరు. కాబట్టి ఆ మాటలో మూడింట రెండు వంతుల దాకా వేలు జరిపి ‘స్వాతం’ పట్టుకున్నామనుకుంటే, కాపీ అయ్యేది ‘స్వాతంత్’. అలాగే కింది వత్తులు నీలిరంగు పట్టీ బయట వేలాడుతూ కనిపించొచ్చు. పట్టీ ఎత్తును ఆ ఆకారంలేని ఫాంట్ నిర్ణయిస్తుంది గానీ వత్తు కాదు. మాటకు మాటగా సెలెక్ట్ చేసినంతవరకు ఈ రెండింటివల్లా కాపీలో ఏ తేడా రాదు.