వ్యాపారం అమ్మాక పాత కస్టమర్లకు ఫోన్ చేయొచ్చా?

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో వార్నిష్, రంగులు తయారుచేసే ఒక సంస్థ ఉండేది. అందులో హంట్ అనే భాగస్వామికి గుడ్‌విల్‌లో వాటా లేదు. అది పూర్తిగా ట్రెగోకే చెందుతుందని ఒప్పందంలో ముందే రాసుకున్నారు. భాగస్వామ్యం గడువు ఇంకా తీరకముందే హంట్ ఒక గుమాస్తాను పెట్టి, సంస్థ పుస్తకాల్లోని కస్టమర్ల పేర్లు, చిరునామాలు నకలు రాయిస్తున్నాడని బయటపడింది. ఎందుకని అడిగితే ఆయన దాచలేదు. గడువు తీరాక సొంత వ్యాపారం పెట్టుకుని వాళ్లందరినీ తనవైపు రమ్మని అడగడానికేనని ఒప్పుకున్నాడు.

దొంగతనం చేస్తున్నానని ఆయన అనుకోలేదు. అనుకోవలసిన అవసరమూ అప్పటికి లేదు. గుడ్‌విల్ అమ్మినవాడు పాత కస్టమర్లను వెళ్లి అడగకూడదని 1872లో లాబుషేర్ వర్సెస్ డాసన్ అనే కేసులో ఒక తీర్పు వచ్చింది. అడగవచ్చని 1884లో పియర్సన్ వర్సెస్ పియర్సన్ కేసులో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ రెండో తీర్పు హంట్‌కు అండగా నిలిచింది. కింది కోర్టులు ట్రెగోకు ఊరట ఇవ్వలేకపోయాయి. చివరికి వ్యవహారం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1896 నాటి లా రిపోర్టుల్లో అచ్చయిన ఆ తీర్పు పియర్సన్ కేసును పక్కన పెట్టేసింది. గుడ్‌విల్ ఇచ్చేసినవాడు పక్క వీధిలోనే కొత్త కొట్టు తెరవవచ్చు, ప్రకటన ఇవ్వవచ్చు, కానీ పాత సంస్థ కస్టమర్ల దగ్గరకు వెళ్లి 'మీ బేరం నాకివ్వండి' అని అడగకూడదని లార్డ్స్ తేల్చారు. గుడ్‌విల్ అంటే పాత కస్టమర్లు మళ్లీ అక్కడికే వస్తారన్న భరోసా. ఆ భరోసాకు డబ్బు పుచ్చుకుని, ఆ తర్వాత దాన్నే వెనక్కి లాక్కోవడం కుదరదన్నది తీర్పు సారం.

ఈ తీర్పు మన చట్టంలోకి దాదాపు యథాతథంగా వచ్చింది. భారత భాగస్వామ్య చట్టం, 1932లోని సెక్షన్ 55 ప్రకారం, సంస్థ రద్దయ్యాక గుడ్‌విల్ అమ్మితే, పాత భాగస్వామి పోటీ వ్యాపారం చేసుకోవచ్చు, దాన్ని ప్రకటించుకోవచ్చు. అయితే పాత సంస్థ పేరు వాడకూడదు, ఆ వ్యాపారం తానే నడుపుతున్నట్టు చెప్పుకోకూడదు, రద్దుకు ముందు సంస్థతో లావాదేవీలున్నవారిని బేరం అడగకూడదు. కొన్నవారితో వేరేగా రాసుకుంటే తప్ప ఈ మూడూ వర్తిస్తాయి. సొంత కొట్టు అమ్మినా, కంపెనీ వాటాలు అమ్మినా ఈ సెక్షన్ నేరుగా పలకదు. అక్కడ కాగితం మీద ఏం రాశారన్నదే ప్రధానం.

ఆ కాగితానికీ ఒక హద్దు ఉంది. ఎవరినైనా న్యాయమైన వృత్తి, వ్యాపారం చేయకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదని భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 27 చెబుతుంది. ఈ విషయంలో మన చట్టం ఇంగ్లిష్ చట్టం కన్నా కఠినం. అయితే గుడ్‌విల్ అమ్మకానికి ఒక మినహాయింపు ఇచ్చింది. నిర్దిష్ట ప్రాంతంలో, కొన్నవారు ఆ వ్యాపారం నడుపుతున్నంత కాలం, అలాంటి వ్యాపారం పెట్టనని అమ్మినవారు ఒప్పుకోవచ్చు. ఆ హద్దులు వ్యాపారం తీరును బట్టి సమంజసమని కోర్టుకు తోచాలి.

ఇక్కడ మూడు రకాల మాటలను విడదీసి చూడాలి. 'పోటీ వ్యాపారమే పెట్టను' అన్నది అన్నిటికన్నా బరువైనది. 'పెట్టినా, పాత కస్టమర్లు వాళ్లంతట వాళ్లే వచ్చినా సరుకు ఇవ్వను' అన్నది రెండోది. 'నేనుగా వెళ్లి అడగను' అన్నది మూడోది, అన్నిటికన్నా తేలికైనది. మొదటి రెండూ అమ్మినవారి చేతులనే కాదు, కస్టమర్ ఎంపికను కూడా కట్టేస్తాయి. మూడోది ఒక్క పనిని మాత్రమే ఆపుతుంది. అందుకే కోర్టులో నిలబడే అవకాశం దానికే ఎక్కువ. ఒప్పందం రాసేటప్పుడు చాలామంది ఈ మూడింటినీ ఒకే పొడవాటి వాక్యంలో కలిపేస్తారు. రేపు మొదటి భాగం చెల్లదని తేలితే మూడోదాన్ని విడదీసి బతికించడం కష్టమవుతుంది. వేటికవి విడి విడి పేరాలుగా ఉండాలి.

దీన్ని ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. విజయవాడలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ నడిపే పెద్దమనిషి దాన్ని 1 కోటి 20 లక్షలకు అమ్ముతున్నాడు. అందులో సరుకు 65 లక్షలు, రావలసిన బాకీలు 20 లక్షలు, వ్యాన్లు, రాకులు 5 లక్షలు. మిగిలిన 30 లక్షలూ గుడ్‌విల్‌కే. అంటే కొన్నవారు ఆ 30 లక్షలు పోసేది 240 మెడికల్ షాపులు రేపు కూడా అక్కడే ఆర్డరు పెడతాయన్న నమ్మకం మీద. ఆ షాపుల్లో చాలావరకు నలుగురు లైన్ సేల్స్‌మెన్ మొహం చూసి ఆర్డరు పెట్టేవే.

వాళ్లకు ఎవరో రాసిచ్చిన మొదటి ముసాయిదాలో ఇలా ఉంది: 'అమ్మినవారు భారతదేశంలో ఎక్కడా, ఎప్పటికీ, ఏ కస్టమర్‌తోనూ ఎటువంటి సంబంధం పెట్టుకోరాదు.' చూడటానికి గట్టిగా ఉన్నా ఇది బలహీనమైన వాక్యం. ఏజెన్సీ సరుకు ఎన్నడూ వెళ్లని రాష్ట్రాలను, ఎన్నడూ కొనని షాపులను, మందులతో సంబంధం లేని వ్యాపారాలను కూడా ఇది కలిపేసింది. కొన్నవారు వేటికి డబ్బు పెట్టలేదో వాటిని కూడా తాళం వేసి పెట్టమంటోంది. అక్కడే కోర్టుకు అభ్యంతరం మొదలవుతుంది.

సరిగ్గా రాస్తే ఇలా ఉంటుంది: 'ఈ ఒప్పందం తేదీ నుంచి 24 నెలల పాటు, మొదటి షెడ్యూల్‌లో పేర్లున్న మెడికల్ షాపులను హోల్‌సేల్ మందుల ఆర్డర్ల కోసం అమ్మినవారు తానుగా గానీ, తనకు వాటా ఉన్న సంస్థ ద్వారా గానీ, మరొకరిని పురమాయించి గానీ అడగరాదు.' షెడ్యూల్‌లో గత 12 నెలల్లో ఒక్కసారైనా కొన్న షాపులే ఉంటాయి. ఎప్పుడో మూడేళ్ల కిందట మానేసిన షాపును అందులో చేర్చితే, దాని మీద గుడ్‌విల్ ఏముందన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

24 నెలలే ఎందుకు? కొత్త యజమాని షాపులతో పరిచయం పెంచుకోవడానికి, అరువు లెక్కలు ఒకటి రెండు సార్లు తిరగడానికి ఎంత కాలం పడుతుందన్నదే కొలత. కంపెనీల విలీనాలను పరిశీలించేటప్పుడు యూరోపియన్ కమిషన్ 2005లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి చోట ఒక ఆనవాలుగా పనికొస్తాయి. గుడ్‌విల్ మాత్రమే చేతులు మారితే రెండేళ్లు, దానితో పాటు తయారీ రహస్యాలు, నైపుణ్యం కూడా వెళితే మూడేళ్ల వరకు పోటీ నిషేధం సబబని అవి అంటాయి. కస్టమర్లను, సిబ్బందిని పిలవకూడదన్న షరతులనూ అదే కొలతతో చూడాలని చెబుతాయి. అవి మన కోర్టులకు శాసనం కాదు. అయినా అంకె ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలిగితే వాదనకు కాళ్లు ఉంటాయి.

'అడగడం' అంటే ఏమిటో కూడా రాసుకోవాలి. దుకాణం ముందు బోర్డు పెట్టడం, పేపర్లో అందరికీ కనిపించే ప్రకటన ఇవ్వడం అడగడం కాదు. పాత నంబర్లన్నిటికీ వాట్సాప్‌లో కొత్త రేట్ల జాబితా పంపడం అడగడమే. షాపు యజమాని తనంతట తానే ఫోన్ చేస్తే? ఆర్డరు తీసుకోవచ్చు, ఎందుకంటే ఆ తలుపు తెరిచింది ఆయన. కానీ ఆ ఒక్క ఆర్డరుతో షాపు సొంతమైపోయినట్టు ఆ తర్వాత ప్రతి వారం వెళ్లి అడగడం మొదలుపెడితే అది ఉల్లంఘనే. తనంతట తాను తిరిగొచ్చిన పాత కస్టమర్‌ను కూడా బేరం అడగకూడదని 1904లో కర్ల్ బ్రదర్స్ వర్సెస్ వెబ్‌స్టర్ అనే ఇంగ్లిష్ కేసు తేల్చింది.

మన కుటుంబ వ్యాపారాల్లో తరచుగా చిక్కు వచ్చేది మరోచోట. తండ్రి సంతకం పెడతాడు, ఆరు నెలలకు కొడుకు పేరుతో కొత్త ఏజెన్సీ వస్తుంది. తండ్రే వెనక నిలబడి ఫోన్లు చేయిస్తే 'పురమాయించి' అన్న మాట పట్టుకుంటుంది. కొడుకు నిజంగా సొంత పెట్టుబడితో, సొంత పరిచయాలతో నడుపుకుంటే సంతకం చేయని మనిషిని ఆ కాగితం కట్టలేదు. కొడుకు ఇప్పటికే ఏజెన్సీలో కూర్చుంటున్నవాడైతే, అతనికీ ప్రతిఫలంలో వాటా రాసి, అతని చేత కూడా సంతకం చేయించడమే దారి. అమ్మినవారే కొంతకాలం జీతానికి మేనేజరుగా ఉండేటట్లయితే, ఈ షరతు ఉద్యోగపు ఉత్తరంలో కాక అమ్మకం పత్రంలోనే ఉండాలి. ఉద్యోగం మానేశాక పని చేసుకోనివ్వని షరతులను మన కోర్టులు చాలావరకు ఒప్పుకోవు. గుడ్‌విల్ మినహాయింపు అమ్మకందారుకే గానీ ఉద్యోగికి కాదు.

సిబ్బంది సంగతి ఇంకొంచెం సున్నితం. ఆ నలుగురు లైన్ సేల్స్‌మెన్ సరుకుతో పాటు అమ్ముడైన వస్తువులు కారు. షరతు అమ్మినవారినే కడుతుంది, వాళ్లను కాదు. విప్రో వర్సెస్ బెక్‌మన్ కౌల్టర్ కేసులో 2006లో ఢిల్లీ హైకోర్టు చూపిన తేడా ఇదే. డిస్ట్రిబ్యూషన్ ఒప్పందం ముగిశాక రెండేళ్లు ఒకరి ఉద్యోగులను ఒకరు రమ్మని పిలవకూడదని ఆ రెండు కంపెనీలు రాసుకున్నాయి. ఉద్యోగి వేరే చోటికి వెళ్లకుండా ఆ షరతు ఆపడం లేదు కాబట్టి, అది సెక్షన్ 27కు విరుద్ధం కాదని కోర్టు తేల్చింది. అయితే పేపర్ ప్రకటన కూడా పిలుపే అవుతుందని అదే తీర్పు చెప్పింది. కాబట్టి 'సాధారణ ప్రకటనలు ఇవ్వవచ్చు' అని మినహాయింపు రాసేటప్పుడు, ఈ ఏజెన్సీ మనుషులను గురిపెట్టని ప్రకటనలకే అది వర్తిస్తుందని చేర్చాలి. మన ఉదాహరణలో సిబ్బంది షరతు 12 నెలలకు, ఆ నలుగురు సేల్స్‌మెన్‌కు, అకౌంటెంట్‌కు మాత్రమే. ప్యాకింగ్ కుర్రాళ్లు ఇందులో లేరు. కొత్త యజమానే ఎవరినైనా తీసేస్తే ఆ మనిషి విషయంలో షరతు ఆ రోజే ముగుస్తుంది.

ఉల్లంఘన జరిగిందని ఎలా తెలుస్తుంది? ఆర్డర్లు తగ్గాయన్న ఒక్క లెక్క చాలదు. ఎఫ్.ఎల్. స్మిత్ వర్సెస్ సెకాన్ ఇన్వెస్‌కాస్ట్ కేసులో మద్రాసు హైకోర్టు అన్నది ఇదే. కస్టమర్ వెళ్లిపోవడం వేరు, అవతలివాళ్లు వెళ్లి అడిగినందువల్ల వెళ్లిపోవడం వేరు, రెండోదాన్ని రుజువు చేయాలి. ఒకే లైన్‌లోని పదిహేను షాపులు ఒకే వారంలో ఆర్డరు ఆపేస్తే అనుమానం సబబే. దానితో పాటు ఏ షాపుకు ఏ తేదీన ఏ మెసేజ్ వచ్చిందో, ఎవరు వచ్చి ఏ రేటు చెప్పారో దొరికితేనే ఇంజంక్షన్ దాకా వెళ్లగలరు. ఉల్లంఘనకు 50 లక్షల జరిమానా అని రాసుకున్నా అంతా రాదు. కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 74 ప్రకారం ఆ మొత్తం పైహద్దు మాత్రమే, దాని లోపల కోర్టుకు సమంజసమనిపించిన పరిహారమే దక్కుతుంది. అందుకే ఈ ఇద్దరూ గుడ్‌విల్ 30 లక్షల్లో 10 లక్షలు ఏడాది తర్వాత ఇచ్చేలా ఒప్పుకున్నారు.

సంతకాల రోజున చేయవలసిన పని ఒకటి మిగిలింది. హంట్ నాటి గుమాస్తా నకలు పుస్తకం ఇప్పుడు జేబులోని ఫోనులో ఉంటుంది. ఏజెన్సీ నంబరున్న సిమ్‌కార్డు, వాట్సాప్ ఖాతా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్, రేట్ల జాబితాలు కొన్నవారికి అప్పగించి, మిగతా ప్రతులు తుడిచేశామని అమ్మినవారు రాసి ఇస్తారు. తర్వాతి రెండు నెలలు కొత్త యజమానిని వెంటబెట్టుకుని 240 షాపులకూ వెళ్లి పరిచయం చేయాలన్నది ఒప్పందంలోని ఆఖరి పేరా. మొదటి సోమవారం ఇద్దరూ గవర్నర్‌పేట లైన్‌తో మొదలుపెడతారు.