నాలుగు గంటల నిల్వ

1997 ఫిబ్రవరి 1, శనివారం. ఇంకా తెల్లవారలేదు. జపాన్‌లోని కరియాలో ఐసిన్ సేకి కంపెనీ ఫ్యాక్టరీకి నిప్పంటుకుంది. అక్కడ తయారయ్యేది పి-వాల్వ్ అనే బ్రేకు విడిభాగం. గుప్పిట్లో పట్టేస్తుంది, ధర కూడా తక్కువే. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు వెనక చక్రాలు బిగుసుకుపోయి కారు జారకుండా, వాటికి వెళ్లే ఒత్తిడిని అదుపు చేస్తుంది. టొయోటా వాడే పి-వాల్వులన్నీ దాదాపుగా ఐసిన్ నుంచే వచ్చేవి.

టొయోటా దగ్గర ఉన్న నిల్వ సుమారు నాలుగు గంటలకు సరిపడేంత!

అది ఏమరుపాటు కాదు, కావాలని పెట్టుకున్న పద్ధతే. మన ఇళ్లలో ఏ రోజు పాలు ఆ రోజే తెచ్చుకున్నట్టు, ఏ పూటకు కావలసిన సరుకు ఆ పూటకే రప్పించుకోవడాన్ని ‘జస్ట్ ఇన్ టైమ్’ అంటారు. పెట్టెలో భాగాలు వాడేయగానే దాని ‘కాన్‌బాన్’ చీటీ వెనక్కి వెళుతుంది, ఆ చీటీయే తరువాతి ఆర్డరు. డబ్బు గోదాములో ఇరుక్కుపోదు. లోపమున్న భాగం వెంటనే బయటపడుతుంది. సరఫరా సవ్యంగా సాగినన్నాళ్లూ ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

ఇక్కడ మాత్రం ఆగింది. మంగళ, బుధవారాలకల్లా జపాన్‌లో టొయోటా అసెంబ్లీ లైన్లు దాదాపు అన్నీ నిలిచిపోయాయి. టైర్లున్నాయి, ఇంజన్లున్నాయి, ఆ ఒక్క వాల్వు లేక కారు కదలదు. మిగతా సరఫరాదారులకూ పని ఆగింది, ఎందుకంటే వాళ్ల దగ్గరికి చీటీలు రావడం లేదు. పైగా పి-వాల్వులో వందకు పైగా రకాలు. వాటికి కావలసిన ప్రత్యేక డ్రిల్లులూ, భాగాన్ని బిగించి పట్టే జిగ్గులూ మంటల్లో పోయాయి.

ఐసిన్ తన డ్రాయింగులను అడిగినవారందరికీ ఇచ్చింది. కుట్టుమిషన్లకు పేరున్న బ్రదర్ సహా ఎన్నో కంపెనీలు మామూలు యంత్రాల మీదే వాల్వులు చేశాయి. వారం తిరిగేసరికి లైన్లు మళ్లీ కదిలాయి. అప్పటికే వేల కార్ల ఉత్పత్తి వెనకబడింది.

నాకు ఇందులో తప్పుగా కనిపించేది తక్కువ నిల్వ కాదు, లెక్క వేసిన తీరు. లారీ ఎన్ని గంటలకోసారి వస్తుందో చూసి నిల్వ పెట్టారు. ఆ సరఫరాదారు పడిపోతే, వేరొకరు అదే భాగం చేయడానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా చూడాలి. ఎక్కడైనా దొరికే బోల్టుకు నాలుగు గంటలు చాలు. ఒక్కరే చేసే వాల్వుకు చాలవు.

2011 భూకంపంలో చిప్పుల ఫ్యాక్టరీ దెబ్బతిన్నాక టొయోటా ఈ లెక్కే వేసుకుంది. చిప్పులు తయారై రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, కొన్ని నెలల నిల్వ ఉంచమని సరఫరాదారులను కోరింది. అందుకే 2021 మొదట్లో చిప్పులు లేక మిగతా కార్ల కంపెనీలు ఆగుతుంటే టొయోటా చాలావరకు నడిచింది. కొరత ఇంకా సాగడంతో ఆ నిల్వా తరిగి, ఆ సెప్టెంబరు ఉత్పత్తి ప్రణాళికలో 40 శాతం కోత పెట్టింది.