పది రెట్ల కోసం రెండు లక్షల రెట్లు

1920ల్లో అమెరికా టెలిఫోన్ ఇంజనీర్లను ఒక మొండి సమస్య వేధించేది. తీగ వెంట వెళ్లే గొంతు దూరం పెరిగేకొద్దీ సన్నబడుతుంది. అందుకని దారి మధ్యలో అక్కడక్కడా వాల్వు యాంప్లిఫయర్లు పెట్టి దాన్ని మళ్లీ పెంచేవారు. అయితే ప్రతి యాంప్లిఫయరూ గొంతును పెంచడంతోపాటు కాస్త వంకర కూడా చేసేది. ఒకటీ రెండూ అయితే చెవి పట్టించుకోదు. పదుల కొద్దీ వరుసగా ఉంటే ఆ వంకరలన్నీ పోగై మాట పాడవుతుంది. ఒకే తీగ మీద ఎన్నో సంభాషణలు పంపేచోట ఒకరి మాట ఇంకొకరి మాటలోకి చొరబడేది. వాల్వు పాతబడినా, కరెంటు సరఫరా కాస్త అటూ ఇటూ అయినా గెయిన్, అంటే సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందనే లెక్క, మారిపోయేది.

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే హెరాల్డ్ బ్లాక్ ఏళ్ల తరబడి ఇంకా మంచి వాల్వు కోసం, ఇంకా మంచి సర్క్యూట్ కోసం వెతికాడు. 1927 ఆగస్టు 2న హడ్సన్ నది మీద పడవలో ఆఫీసుకు వెళుతుండగా అతనికి జవాబు తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే లెక్క వేసుకున్నాడు. లోపం లేని యాంప్లిఫయర్ చేయక్కర్లేదు. అవసరానికి మించి ఎన్నో రెట్లు గెయిన్ ఉన్నది ఒకటి చేసి, దాని అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌లోంచి తీసివేయాలి. అదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. కష్టపడి సంపాదించిన గెయిన్‌ను కావాలని పోగొట్టుకోవడమేమిటని అప్పట్లో చాలామందికి నమ్మకం కలగలేదు. పేటెంటు చేతికి వచ్చేసరికి 1937 అయింది.

ఒక లెక్క వేసి చూద్దాం

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో విద్యార్థులు తరచూ చేతిలోకి తీసుకునే చిప్ 741 ఆప్‌యాంప్. దీనికి రెండు ఇన్‌పుట్‌లు ఉంటాయి. వాటి మధ్య ఉన్న వోల్టేజి తేడాను ఇది సుమారు 2,00,000 రెట్లు పెంచుతుంది. ఇప్పుడు మనకు 10 రెట్ల గెయిన్ చాలనుకుందాం. సిగ్నల్‌ను ప్లస్ ఇన్‌పుట్‌కు ఇస్తాం. అవుట్‌పుట్ నుంచి 9 కిలోఓమ్‌లు, 1 కిలోఓమ్ రెసిస్టర్లను వరుసగా గ్రౌండ్‌కు కలిపి, ఆ రెండూ కలిసేచోటు నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు తీగ వేస్తాం. దీంతో అవుట్‌పుట్‌లో పదో వంతు వెనక్కి వస్తుంది.

అవుట్‌పుట్ 10 వోల్టులు ఉందనుకోండి. మైనస్ ఇన్‌పుట్‌కు 1 వోల్టు చేరుతుంది. ఆ 10 వోల్టులు పుట్టించడానికి చిప్‌కు కావలసిన తేడా 50 మైక్రోవోల్టులే. కాబట్టి మనం ఇవ్వవలసిన సిగ్నల్ 1.00005 వోల్టులు. గెయిన్ 9.9995 అయింది. ఇప్పుడు వేడికో, చిప్ మార్చడం వల్లనో లోపలి గెయిన్ సగానికి, అంటే లక్షకు పడిపోయిందనుకుందాం. కావలసిన తేడా 100 మైక్రోవోల్టులవుతుంది. మొత్తం గెయిన్ 9.999. లోపల సగం గెయిన్ పోయినా బయట కనిపించిన మార్పు 20,000లో ఒక వంతు! గెయిన్ ఎంతో తేల్చే అధికారం చిప్ చేతిలోంచి రెండు రెసిస్టర్ల చేతికి వెళ్లింది. రెసిస్టర్లు వాల్వుల్లాగా, ట్రాన్సిస్టర్లలాగా తేలిగ్గా మారిపోవు.

ఫీడ్‌బ్యాక్ లేకపోతే 50 మైక్రోవోల్టులతో అయ్యే పనికి ఇప్పుడు 1.00005 వోల్టులు ఇస్తున్నాం. అంటే 20,001 రెట్లు ఎక్కువ. లోపలి గెయిన్‌ను A అనీ, వెనక్కి తెచ్చే వంతును β అనీ అంటే ఈ సంఖ్యే 1 + Aβ, మొత్తం గెయిన్ A/(1 + Aβ). మనం వదులుకున్న గెయిన్ ఇంత. దానికి బదులుగా వచ్చే మేళ్లన్నీ కూడా ఈ ఒక్క సంఖ్యతోనే కొలవబడతాయి.

ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల దగ్గర ఏం జరుగుతుంది

741 రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఉండే రెసిస్టెన్స్ సుమారు 2 మెగాఓమ్‌లు. పైన మనం ఒక వోల్టు సిగ్నల్ ఇచ్చినా ఆ రెండింటి మధ్య నిలిచింది 50 మైక్రోవోల్టులే. కాబట్టి సిగ్నల్ వల్ల పారే కరెంటు 25 పికోఆంపియర్లు. ఒక వోల్టుకు అంత తక్కువ కరెంటు తీసుకుంటే, సిగ్నల్ ఇచ్చేవాడికి అది 2 మెగాఓమ్‌లుగా కాక 40 గిగాఓమ్‌లుగా కనిపిస్తుంది. ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 20,001 రెట్లు పెరిగింది. ఇది కాగితం మీది లెక్క. చిప్‌లోనే గ్రౌండ్‌కు ఉన్న ఇతర దారులు దీన్ని అంత దూరం వెళ్లనివ్వవు. ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు పనిచేయడానికి తీసుకునే కొద్దిపాటి నిలకడ కరెంటును కూడా ఫీడ్‌బ్యాక్ తగ్గించదు.

అవుట్‌పుట్ వైపు చిప్ లోపలి రెసిస్టెన్స్ సుమారు 75 ఓమ్‌లు. లోడు 5 మిల్లీఆంపియర్లు లాగితే ఫీడ్‌బ్యాక్ లేనప్పుడు వోల్టేజి 0.375 వోల్టులు కుంగుతుంది. ఫీడ్‌బ్యాక్ ఉన్నప్పుడు ఆ కుంగుబాటు మైనస్ ఇన్‌పుట్ దగ్గర వెంటనే కనబడి, చిప్ ఆ మేరకు గట్టిగా తోస్తుంది. మిగిలే కుంగుబాటు 19 మైక్రోవోల్టులు. అంటే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 4 మిల్లీఓమ్‌లకు లోపే. అయితే ఇంపెడెన్స్ తగ్గింది కదా అని ఈ చిప్‌తో స్పీకరు మోగించాలనుకుంటే కుదరదు. అది ఇవ్వగలిగిన గరిష్ఠ కరెంటు సుమారు 25 మిల్లీఆంపియర్లే. ఫీడ్‌బ్యాక్ లేని శక్తిని పుట్టించదు.

నాలుగు అమరికలు

ఇంపెడెన్స్ పెరగడమా, తగ్గడమా అన్నది ఫీడ్‌బ్యాక్‌ను ఎలా కలిపామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ ప్రశ్నలు రెండే. అవుట్‌పుట్‌లో దేన్ని చూసి వెనక్కి తెస్తున్నాం, వోల్టేజినా, కరెంటునా? ఇన్‌పుట్‌లో ఎలా కలుపుతున్నాం, సిగ్నల్‌కు ఎదురుగా వోల్టేజి నిలబెట్టే సిరీస్ పద్ధతిలోనా, అదే కొసకు కరెంటు చేర్చే షంట్ పద్ధతిలోనా? రెండేసి జవాబులు కనుక మొత్తం నాలుగు అమరికలు.

గుర్తుంచుకోవలసిన సూత్రం చిన్నది. సిరీస్‌గా కలిపితే ఇన్‌పుట్ ఇంపెడెన్స్ పెరుగుతుంది, షంట్‌గా కలిపితే తగ్గుతుంది. ఫీడ్‌బ్యాక్ దేన్ని చూస్తుందో దాన్ని నిలకడగా ఉంచుతుంది. వోల్టేజిని చూస్తే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తగ్గుతుంది, కరెంటును చూస్తే పెరుగుతుంది. మన పది రెట్ల సర్క్యూట్ వోల్టేజిని చూసి సిరీస్‌గా కలిపే రకం. ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలికి రెసిస్టర్ పెట్టి, దానికి అడ్డంగా కెపాసిటర్ పెట్టకపోతే అది కరెంటును చూసి సిరీస్‌గా కలిపే రకం. కరెంటును చూసి షంట్‌గా కలిపేది కరెంటు యాంప్లిఫయర్.

మిగిలింది వోల్టేజిని చూసి షంట్‌గా కలిపే రకం. కాంతిని కొలిచే సర్క్యూట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పరికరంలోని ఫోటోడయోడ్ వోల్టేజి కాదు, చిన్న కరెంటు ఇస్తుంది. ఆ కరెంటును సులువుగా లోపలికి రానిచ్చే ఇన్‌పుట్ కావాలి. మైనస్ ఇన్‌పుట్‌కు, అవుట్‌పుట్‌కు మధ్య 1 మెగాఓమ్ రెసిస్టర్ పెడితే 1 మైక్రోఆంపియర్‌కు 1 వోల్టు వస్తుంది. లోపలి గెయిన్ రెండు లక్షలుంటే ఆ మెగాఓమ్ ఫోటోడయోడ్‌కు 5 ఓమ్‌లుగా కనిపిస్తుంది.

తెలియని సర్క్యూట్ బొమ్మ చేతికొస్తే రకం పోల్చుకునేందుకు ఒక పరీక్ష ఉంది. బొమ్మలో లోడును షార్ట్ చేసినట్టు ఊహించండి. వెనక్కి వచ్చేది ఆగిపోతే అది వోల్టేజిని చూస్తోంది. లోడును తెంచేసినట్టు ఊహించినప్పుడు ఆగిపోతే కరెంటును చూస్తోంది. ఇన్‌పుట్ వైపు ఫీడ్‌బ్యాక్, సిగ్నల్ ఒకే కొసకు వచ్చి చేరితే షంట్, వేర్వేరు కొసలకు వస్తే సిరీస్.

బ్యాండ్‌విడ్త్: లాభమూ, హద్దూ

741కు రెండు లక్షల గెయిన్ ఉండేది దాదాపు 5 హెర్ట్జ్ వరకే. అక్కడి నుంచి ఫ్రీక్వెన్సీ పదింతలైన ప్రతిసారీ గెయిన్ పదో వంతుకు దిగుతూ, 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటికి చేరుతుంది. మనకు కావలసింది పదే కాబట్టి, లోపలి గెయిన్ పదికి దిగే వరకు, అంటే సుమారు 1,00,000 హెర్ట్జ్ వరకు, సర్క్యూట్ పనికొస్తుంది. 5 హెర్ట్జ్ కాస్తా 20,001 రెట్లు పెరిగింది. పది బదులు వంద రెట్ల గెయిన్ అడిగితే బ్యాండ్‌విడ్త్ 10,000 హెర్ట్జ్‌కు తగ్గుతుంది.

పొరపాటు పడేది ఇక్కడే. 20,001 అన్న సంఖ్య 5 హెర్ట్జ్ లోపు మాట. 10,000 హెర్ట్జ్ దగ్గర చిప్‌లో మిగిలిన గెయిన్ వందే, మనం వాడుకుంటున్నది పది. పెట్టుబడిగా మిగిలింది పదింతలే. కాబట్టి అక్కడ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ మిల్లీఓమ్‌లు కాదు, 7 ఓమ్‌లకు పైనే. వంకర తగ్గేది కూడా పదింతలే. పైగా 741 అవుట్‌పుట్ మైక్రోసెకనుకు అర వోల్టుకు మించి కదలలేదు. 10 వోల్టుల ఎత్తున్న తరంగం కావాలంటే 8,000 హెర్ట్జ్ దాటగానే అది త్రికోణంలా మారడం మొదలవుతుంది. ఈ వేగాన్ని ఫీడ్‌బ్యాక్ పెంచలేదు.

నెగెటివ్ కాస్తా పాజిటివ్ అయితే

వెనక్కి తెచ్చే సిగ్నల్ కొంత ఆలస్యంగా వస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ ఆలస్యం తరంగంలో ఎక్కువ భాగమవుతుంది. ఆలస్యం సగం తరంగానికి చేరితే తీసివేత కాస్తా కూడిక అవుతుంది. ఆ ఫ్రీక్వెన్సీలో Aβ ఇంకా ఒకటికి తగ్గకపోతే, సభల్లో మైకు స్పీకరుకు ఎదురైనప్పుడు కూత పెట్టినట్టు, యాంప్లిఫయర్ తనంతట తానే ఊగుతుంది. బ్లాక్ సహోద్యోగి హ్యారీ నైక్విస్ట్ 1932లో ఈ హద్దును లెక్కలో తేల్చాడు. 741 లోపల 30 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టి, గెయిన్‌ను 5 హెర్ట్జ్ నుంచే దించుతూ వచ్చింది ఇందుకే. ఆలస్యం ప్రమాదకరమయ్యే లోపే గెయిన్ అయిపోవాలి.

అయినా అవుట్‌పుట్‌కు పొడవాటి కేబుల్ తగిలిస్తే దాని కెపాసిటెన్స్, చిప్ 75 ఓమ్‌లు కలిసి అదనపు ఆలస్యం తెస్తాయి. దీన్ని పట్టుకోవాలంటే చిన్న స్క్వేర్ వేవ్ ఇచ్చి ఆసిలోస్కోప్‌లో చూడాలి. మూల దగ్గర తరంగం పైకి లేచి కొన్నిసార్లు ఊగి కుదురుకుంటే సర్క్యూట్ అంచున ఉన్నట్టు. ఫీడ్‌బ్యాక్ తీసుకునే చోటు దాటాక, కేబుల్‌కు ముందు 50 నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెడితే చాలావరకు కుదుటపడుతుంది. ఆ మేరకు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ పెరుగుతుంది.

కాబట్టి ఆప్‌యాంప్ ఎంచుకునేటప్పుడు డేటాషీట్ మొదటి పేజీలోని లక్షల గెయిన్ చూసి తృప్తిపడకండి. మీ సిగ్నల్‌లోని అత్యధిక ఫ్రీక్వెన్సీ దగ్గర లోపలి గెయిన్ ఎంత మిగిలిందో గ్రాఫులో చూసి, దాన్ని మీకు కావలసిన గెయిన్‌తో భాగించండి. ఆ ఫ్రీక్వెన్సీలో ఫీడ్‌బ్యాక్ మీకు చేయగలిగిన మేలు అంతే.