బీపీ మిషన్లో గీతలున్న గుండె బొమ్మ

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే తెనాలి నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్ నాన్నా, మిషన్లో గుండె బొమ్మ పడిందిరా. పక్కన గీతలు కూడా ఉన్నాయి. నాకేమన్నా అవుతుందా?" ఆమెకు 67 ఏళ్లు. పదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటోంది. ఆ పూట బీపీ 152/90, పల్స్ 78.

"ఆ బొమ్మ పట్టీ బిగుస్తున్నప్పుడు మినుకుమినుకుమందా, అంతా అయిపోయాక అంకెల పక్కన నిలిచిపోయిందా?" అని అడిగాను. చాలామంది తికమకపడేది ఇక్కడే. కొలుస్తున్నంతసేపూ మెరిసే మామూలు గుండె బొమ్మకు, మిషన్‌కు నాడి అందుతోందన్నదే అర్థం. కొలవడం పూర్తయ్యాక అంకెలతోపాటు నిలిచిపోయే బొమ్మ వేరు. నాడి లయ తప్పినట్టు అనిపించిందని మిషన్ దానితో చెబుతుంది. ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది కాబట్టి డబ్బాలో వచ్చిన పుస్తకంలోని బొమ్మతో పోల్చుకోవాలి. పెద్దమ్మది నిలిచిపోయిన బొమ్మే.

నిజానికి ఈ మిషన్ గుండెను చూడదు. ఈసీజీలాగా గుండెలోని కరెంటును పట్టుకోదు. పట్టీలోకి గాలి ఎక్కించి చేతి రక్తనాళాన్ని నొక్కుతుంది. గాలి వదులుతున్నప్పుడు గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ నాళం పట్టీని లోపలినుంచి చిన్నగా తడుతుంది. ఆ తట్టుల బలాన్నిబట్టి బీపీని, వాటి మధ్య ఎడాన్నిబట్టి పల్స్‌ను లెక్కకడుతుంది. లయ తప్పిందని చెప్పేదీ ఆ ఎడాన్ని చూసే. ఒమ్రాన్ పుస్తకాల్లో ఉన్న లెక్క ప్రకారం, సగటు లయకు 25 శాతం అటో ఇటో తేడా వస్తే అది క్రమం తప్పినట్టు. పల్స్ 75 ఉంటే రెండు తట్టుల మధ్య 0.8 సెకను ఉండాలి. 0.6 సెకను కన్నా ముందే పడినా, ఒక సెకను దాటి పడినా మిషన్‌కు అనుమానం వస్తుంది. మిగతా కంపెనీల లెక్క కొంచెం అటూ ఇటూగా ఉండొచ్చు.

దీన్నిబట్టి, పట్టీని కుదిపేది ఏదైనా ఈ బొమ్మను తెప్పించగలదు. దగ్గు, మాట, వేళ్లు ఆడించడం, చలికి వణుకు, వదులుగా చుట్టిన పట్టీ. ఊపిరి పీల్చినప్పుడు నాడి కాస్త జోరందుకుని, వదిలినప్పుడు నెమ్మదించడం చిన్న వయసువాళ్లలో సహజం, దానికీ ఒక్కోసారి బొమ్మ పడుతుంది. పెద్దమ్మ పాల ప్యాకెట్లు తీసుకుని మెట్లెక్కి వచ్చిందట. వచ్చీ రాగానే జాకెట్టు చేతి మీదుగానే పట్టీ చుట్టుకుని, పనమ్మాయితో మాట్లాడుతూ బటన్ నొక్కింది.

అందుకని మర్నాడు మళ్లీ కొలవమన్నాను. ముందు అరగంట కాఫీ వద్దు. బాత్రూముకు వెళ్లొచ్చి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలమీద పెట్టి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ బట్ట మీద కాకుండా ఒంటి మీద, గుండె ఎత్తులో ఉండాలి. ఒకటి రెండు నిమిషాల ఎడంతో మూడుసార్లు కొలవాలి. మొదటిసారి బొమ్మ రాలేదు, తర్వాత రెండుసార్లూ వచ్చింది. ఇంత పద్ధతిగా కొలిచినా వచ్చిందంటే కుదుపు మీదికి నెట్టేయడానికి లేదు.

ఆదివారం నేనే వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. బొటనవేలి మొదలుకు కింద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం. నాడి నిబ్బరంగా నడుస్తోంది, ఉన్నట్టుండి ఒక ఖాళీ, ఆ వెంటనే గట్టిగా ఒక దెబ్బ, మళ్లీ మామూలు నడక. నిమిషంలో ఇలా నాలుగుసార్లు. "అప్పుడప్పుడు గుండె జారినట్టుంటుందిరా, అదేనా?" అంది పెద్దమ్మ. అదే. గుండె ఒక్కోసారి సమయానికి ముందే కొట్టేస్తుంది. అప్పటికి అందులో రక్తం నిండదు కాబట్టి ఆ తట్టు మణికట్టు దాకా రాదు, మనకు ఖాళీగా తెలుస్తుంది. తర్వాతి దెబ్బకు రక్తం బాగా నిండి ఉంటుంది, అందుకే బలంగా పడుతుంది. వీటిని ఎక్టోపిక్ బీట్స్ అంటారు. గుండె జబ్బు లేనివాళ్లలో చాలావరకు ఇవి ప్రమాదం లేనివే.

ఇవి ఎక్కువైతే పల్స్ అంకె కూడా తప్పుతుంది. ఒకటి విడిచి ఒకటి ఇలా పడితే, గుండె 80 సార్లు కొట్టుకుంటున్నా మిషన్ 40 చూపొచ్చు. ఆ 40 చూసి, మాత్ర ఎక్కువైందనుకుని మానేసినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

పెద్దమ్మ ఈసీజీలో అలాంటి బీట్ ఒకటి దొరికింది. ఎకో బాగానే ఉంది. రక్తపరీక్షలో పొటాషియం 3.1 వచ్చింది, కనీసం 3.5 ఉండాలి. ఆమె బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే క్లోర్‌థాలిడోన్ కలిసి ఉంది, అది పొటాషియంను బయటికి పంపేస్తుంది. పొటాషియం తగ్గితే గుండె ఇలా తొందరపడి కొట్టుకుంటుంది. మాత్ర మార్చాక మూడు వారాలకు ఖాళీలు దాదాపు పోయాయి. పొటాషియం మందు మాత్రం ఎవరికి వారు తాగడం మంచిది కాదు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో, టెల్మిసార్టన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లలో అది పెరిగిపోయి గుండెనే ఆపేయగలదు.

మా వీధిలో రిటైరైన మాస్టారి సంగతి వేరు. ఆయనకు 72 ఏళ్లు. ఆయన మిషన్ వరసగా 128/82, 151/94, 119/76 చూపింది, మూడుసార్లూ బొమ్మ వచ్చింది. మణికట్టు పట్టుకుంటే ఏ వరసా లేదు. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి గట్టిగా, ఒకటి అందీ అందకుండా. పెద్దమ్మ నాడిలో నడక ఉంది, మధ్యలో తడబాటు ఉంది. మాస్టారిలో నడకే లేదు. ఆయన మాత్రం "నాకేం తెలియట్లేదండీ, బానే ఉన్నాను" అన్నారు. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటాయి, అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఆ ముప్పు మామూలువాళ్లకన్నా సుమారు అయిదు రెట్లు. రక్తం గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టారు, ఆస్పిరిన్ దానికి సాటి రాదు. బీపీ అంకెలు అంతలా ఎగిరిపడటానికి కారణం కూడా ఆ లయే. తట్టు తట్టుకూ గుండెలో నిండే రక్తం మారిపోతుంది. ఇలాంటివాళ్లు ఒక్క రీడింగును నమ్మకుండా మూడింటి సగటు తీసుకోవాలి, అప్పుడప్పుడు డాక్టరు చేత స్టెతస్కోపుతో కొలిపించుకోవాలి.

బొమ్మతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యో కాలో పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది ఉన్నా మళ్లీ కొలుస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేక, పద్ధతిగా కొలిచిన మూడింటిలో రెండుసార్లో మూడుసార్లో బొమ్మ వస్తుంటే ఆ వారంలోనే ఈసీజీ తీయించుకోవాలి. మణికట్టులో వరస బొత్తిగా లేకపోతే ఆ రోజే వెళ్లాలి. మామూలు ఈసీజీ పట్టుకునేది పది సెకన్లే. అప్పటికి లయ సర్దుకుంటే "నార్మల్" అని కాగితం చేతికొస్తుంది. అందుకే వీలైతే బొమ్మ కనిపిస్తున్న పూటే వెళ్లమంటాను. అప్పటికీ దొరక్కపోతే 24 గంటలు ఒంటికి తగిలించి ఉంచే హోల్టర్ గురించి డాక్టరును అడగండి. ఇటు బొమ్మ రానంతమాత్రాన లయ బాగున్నట్టూ కాదు, మిషన్ చూసేది ఒక నిమిషంలోపే.

పెద్దమ్మ ఇప్పుడు పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో బీపీ రాస్తోంది. తేదీ, వేళ, మూడు రీడింగులు, బొమ్మ వచ్చిన దాని పక్కన ఒక చుక్క. గుండె జారినట్టనిపిస్తే "జారింది" అని ఒక్క మాట. పోయిన నెల ఆమె డాక్టరు ముందు ఈసీజీ కాగితం పక్కన పెట్టి, ఆ పేజీలే తిరగేశారు.