అమ్మమ్మ నెయ్యి కథలో మూడో పేరా

"అమ్మమ్మ రాత్రి పాలు తోడేసి పడుకునేది. తెల్లారేసరికి కుండలో గడ్డపెరుగు. కవ్వం చప్పుడుకే ఇల్లంతా లేచేది.

వెన్న కాగుతుంటే మమ్మల్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. 'చప్పుడు ఆగనివ్వండర్రా' అనేది. చిటపటలు తగ్గగానే రెండు మునగాకు రెబ్బలు వేసి దించేసేది. అడుగున మిగిలిన గసిలో బెల్లం కలిపి పెడితే మా మధ్య యుద్ధమే.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఆమె చెయ్యి మాత్రం మా ప్రతి సీసాలోనూ ఉంది. అదే పాతకాలపు పద్ధతి, చేత్తో చిలికిన వెన్న, ఇంట్లో కాచిన నెయ్యి."

ఏ కంపెనీదీ కాదిది, నెయ్యి ప్రకటనల తీరు చూపడానికి ఇక్కడ రాసుకున్న నమూనా. నెయ్యి అమ్మేవాళ్లకు ఇలాంటి కథ అవసరం ఎందుకంటే, అంగట్లో సీసా చూసి సరుకు మంచిచెడ్డలు చెప్పడం ఎవరి తరమూ కాదు. పూస కట్టింది కాబట్టి అసలైనదేనని చాలామంది నమ్ముతారు. పూస కట్టడం ప్రధానంగా నెయ్యి ఎంత నెమ్మదిగా చల్లారిందన్నదాన్ని బట్టి ఉంటుంది. నెయ్యికి బదులుగా అమ్మిన వనస్పతిని కూడా పూసపూసగా కనిపించేలానే తయారుచేశారు. కళ్లతో తేల్చుకోలేని చోట కొనేవాడు మనిషిని నమ్ముతాడు. అందుకే అమ్మమ్మ వస్తుంది. నానమ్మకు ఈ ప్రకటనల్లో వేషాలు ఎందుకు తక్కువో గానీ, బహుశా వేసవి సెలవుల పుణ్యం కావచ్చు.

నమూనాలో బలమంతా రెండో పేరాలో ఉంది. "చప్పుడు ఆగనివ్వండర్రా" అన్నది ముద్దు మాట మాత్రమే కాదు, నెయ్యి కాచడంలో కీలకమైన గుర్తు. వెన్నలో దాదాపు ఆరో వంతు నీరే. ఆ నీరు మరుగుతున్నంతసేపూ గిన్నెలో చిటపటలు వినిపిస్తాయి, వేడి కూడా 100 డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది. నీరంతా ఆవిరయ్యాక చప్పుడు సద్దుమణుగుతుంది, వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడే వెన్నలో మిగిలిన పాల పదార్థం అడుగున ఎర్రబడి, వీధి చివరిదాకా వచ్చే ఆ వాసన పుడుతుంది. ముందే దించితే తడి మిగిలి నెయ్యి త్వరగా పాడవుతుంది, ఆలస్యమైతే గసి మాడి చేదెక్కుతుంది. ఈ సంగతి తెలిసినవాడు రాసిన కథకు "కమ్మని", "స్వచ్ఛమైన" లాంటి విశేషణాలతో పనే లేదు.

చిక్కంతా మూడో పేరాతో. అక్కడ జ్ఞాపకం కాస్తా హామీగా మారిపోయింది. "చేత్తో చిలికిన వెన్న" అన్నదాన్నే లెక్కవేసి చూడొచ్చు. ఆరు శాతం వెన్న ఉన్న గేదె పాలైతే, చుక్క వృథా కాకపోయినా కిలో నెయ్యికి 16 లీటర్లు కావాలి. మజ్జిగలోకి పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. రోజుకు వెయ్యి కిలోలు అమ్మే కంపెనీ 16 వేల లీటర్లకు పైగా పాలు తోడేసి, ఆ పెరుగంతా మనుషుల చేత చిలికించాలన్నమాట. మామూలుగా పెద్ద డెయిరీల్లో జరిగేది వేరు: యంత్రంతో పాల నుంచి క్రీము తీసి, దాన్ని నేరుగానో వెన్నగా మార్చాకో కాస్తారు. అదీ నెయ్యే, తప్పేమీ లేదు. తోడు పులుపు వల్ల వచ్చే ఇంటి నెయ్యి వాసన మాత్రం అందులో అంతగా ఉండదు.

"ఇంట్లో కాచిన" అన్న మాటకు చట్టమే అడ్డుపడుతుంది. ఆహార ప్రకటనలపై ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కొనేవారిని పొరబడేలా చేసే "ఇంట్లో చేసింది" వంటి మాటలు వాడకూడదు. "సంప్రదాయ" అనాలంటే ఆ తయారీ పద్ధతి తరాలుగా ఉన్నదై, పెద్దగా మారకుండా కొనసాగుతూ ఉండాలి. బ్రాండు పేరులోనే ఇలాంటి మాట ఉండి జనం పొరబడే అవకాశం ఉంటే, అది పేరు మాత్రమేనని సీసా మీద అచ్చువేయాలి. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు ఆహార భద్రతా చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

అమ్మమ్మ ఆ కంపెనీ యజమానికి నిజంగానే అమ్మమ్మ అయినా ఈ చిక్కు తీరదు. ఆమె వంటింట్లో జరిగింది ఒకటి, ఫ్యాక్టరీలో జరుగుతున్నది మరొకటి. వ్యాపారం చెడకుండా మూడో పేరాను ఇలా మార్చుకోవచ్చు:

"ఇప్పుడు మా దగ్గర కవ్వం లేదు, యంత్రం ఉంది. క్రీముకు తోడు వేయడం మాత్రం మానలేదు. చప్పుడు ఆగేదాకా కాచడమూ మానలేదు."

ఇందులో ప్రతి వాక్యాన్నీ ఫ్యాక్టరీకి వెళ్లి సరిచూసుకోవచ్చు. అయితే క్రీముకు నిజంగానే తోడు వేస్తుంటేనే ఆ రెండో వాక్యం రాయాలి. వేయకపోతే దాన్ని కొట్టేయాల్సిందే, మూడో వాక్యం ఒక్కటీ చాలు.