బడిలో 40 నిమిషాలు: చేతుల శుభ్రత, తాగునీరు

విరేచనాలు, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు దాదాపు ఒకే దారిన వస్తాయి. రోగి మలంలోని క్రిములు ఇంకొకరి నోటికి చేరినప్పుడు ఈ జబ్బులు అంటుకుంటాయి. వాటిని నోటి దాకా చేరవేసేవి ముఖ్యంగా రెండు: కడుక్కోని చేతులు, కలుషితమైన నీరు. ఈ సంగతి మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న పిల్లలకు ఒక్క పీరియడ్‌లో చెప్పవచ్చు. అయితే క్రిమి కంటికి కనిపించదు. కనిపించనిదాన్ని ఎనిమిదేళ్ల పిల్లలు మాటలతో నమ్మరు. అందుకే చెప్పే ప్రతి విషయానికీ ఒక చిన్న ప్రయోగం జోడించాలి.

30 మంది పిల్లలున్న తరగతికి కావలసిన సామాను కొద్దిగానే ఉంటుంది. రెండు రంగు సుద్దముక్కలు, కొంచెం వంటనూనె, దాల్చినచెక్క పొడి, ఒక సబ్బు, రెండు బకెట్ల నీళ్లు, మగ్గు, తెల్ల కాగితాలు, రెండు గాజు గ్లాసులు, రెండు ఖాళీ నీళ్ల సీసాలు, చిటికెడు పటిక పొడి, ఒక గాజు గిన్నె, పొడవాటి కాడ ఉన్న గరిటె, కాచి చల్లార్చిన నీళ్లు, కాస్త పంచదార ఉంటే చాలు.

పటిక ప్రయోగానికి అరగంట పడుతుంది కాబట్టి పాఠం మొదలుపెట్టేటప్పుడే దాన్ని సిద్ధం చేయాలి. లీటరు నీళ్లలో రెండు చెంచాల తోటమట్టి కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైనున్న బురద నీటిని రెండు సీసాల్లో సమానంగా పోయాలి. ఒకదానిలో చిటికెడు పటిక పొడి వేసి, ఒక నిమిషం వేగంగానూ తర్వాత నాలుగైదు నిమిషాలు నెమ్మదిగానూ తిప్పాలి. రెండో సీసాలో ఏమీ వేయకూడదు. రెంటినీ పిల్లలకు కనిపించేలా బల్లమీద కదలకుండా ఉంచి పాఠంలోకి వెళ్లాలి.

మొదటి ప్రయోగం క్రిముల ప్రయాణం గురించి. రంగు సుద్దను మెత్తగా పొడిచేసి, ఒక పిల్లవాడి తడి అరచేతికి పూయాలి. అతను రెండో పిల్లవాడితో, రెండో వాడు మూడో వాడితో, ఇలా వరుసగా ఆరుగురు చేతులు కలపాలి. సాధారణంగా మూడు నాలుగు చేతుల దాకా రంగు కంటికి కనిపిస్తుంది. ఆ తర్వాతి చెయ్యి శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది. అప్పుడు ఆ చేతిని తడి తెల్లకాగితంతో గట్టిగా తుడిచి చూపిస్తే, చాలాసార్లు కాగితానికి లేత మరక అంటుతుంది. కంటికి కనిపించనంత మాత్రాన అక్కడ ఏమీ లేనట్టు కాదని పిల్లలు తామే గ్రహిస్తారు. తలుపు గడియ, పెన్సిలు, కొళాయి పిడి మీదుగా కూడా క్రిములు ఇలాగే చేతులు మారతాయని ఇక్కడ చెప్పవచ్చు. సుద్దపొడిని ఊదనివ్వకూడదు. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆ ధూళి పడదు.

రెండో ప్రయోగం సబ్బు గురించి. ముగ్గురు పిల్లల చేతులకు తలా అర చెంచా నూనె రాసి, పైన చిటికెడు దాల్చినచెక్క పొడి చల్లి, ముందూ వెనుకా రుద్దుకోమనాలి. మొదటి వాడు సబ్బు లేకుండా 20 సెకన్లు, రెండోవాడు సబ్బుతో 5 సెకన్లు, మూడోవాడు సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్ది కడుక్కోవాలి. ముగ్గురికీ ఒక్కో మగ్గు నీళ్లే ఇవ్వాలి. తర్వాత తెల్లకాగితం మీద చేతులు ఒత్తితే తేడా బయటపడుతుంది. మొదటి కాగితం జిడ్డుగా, పొడితో నిండి ఉంటుంది. రెండోదానిపై వేళ్ల సందుల్లో, గోళ్ల దగ్గర మరకలు మిగులుతాయి. మూడోది దాదాపు శుభ్రంగా వస్తుంది. మొదటి చెయ్యి కూడా శుభ్రపడిపోతే నూనె తక్కువైందని అర్థం. మరికాస్త నూనెతో మళ్లీ చేయాలి.

ఇలా జరగడానికి కారణం పిల్లలకు తేలిగ్గానే చెప్పవచ్చు. చర్మం మీద ఎప్పుడూ సన్నని జిడ్డు పొర ఉంటుంది. క్రిములు ఆ జిడ్డును పట్టుకుని ఉంటాయి. నీళ్లకూ జిడ్డుకూ పొసగదు కాబట్టి వట్టి నీళ్లు పైనుంచి జారిపోతాయి. సబ్బు అణువుకు ఒక కొస నీటితో కలుస్తుంది, రెండో కొస జిడ్డుతో కలుస్తుంది. చేతులు రుద్దుతున్నప్పుడు అది జిడ్డును చిన్న చిన్న బొట్లుగా విడదీసి నీళ్లతో పంపేస్తుంది. దానితోపాటే క్రిములూ పోతాయి. ఆ పని పూర్తి కావడానికి కొంత సమయం కావాలి. 20 సెకన్లు అనేది అందుకే. పిల్లలు రెండో ఎక్కం పది దాకా నెమ్మదిగా చదివితే ఆ సమయం సరిపోతుంది. నీళ్లు వేడిగా ఉండనక్కర లేదు, సబ్బు ఖరీదైనది కానక్కర లేదు. అయితే సబ్బు లేదని మట్టితో తోముకోవడం మంచిది కాదు. మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు.

ఈ ప్రయోగానికి పసుపు వాడకూడదు. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడుతుంది, మరక కూడా తొందరగా వదలదు. పిల్లల ధ్యాసంతా రంగు మారడం మీదికి పోతుంది. నీళ్ల మీద మిరియాల పొడి చల్లి, సబ్బు వేలు ముంచి, పొడి పక్కకు పరుగెత్తడం చూపే ప్రయోగం కూడా బడుల్లో ప్రచారంలో ఉంది. అక్కడ జరిగేది నీటి తలతన్యత తగ్గడం మాత్రమే. క్రిములు సబ్బును చూసి పారిపోతాయని, వేలు ముంచితే చాలని పిల్లలు పొరపడే ప్రమాదం ఉంది. రుద్దడమే అసలు పని అని నూనె ప్రయోగం సూటిగా చూపిస్తుంది.

తర్వాత పిల్లలందరూ నీళ్లు లేకుండానే కడుక్కునే వరుసను చేతులతో చేసి చూపాలి: అరచేతులు, చేతి వెనుక భాగం, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కొసలు, చివరగా మణికట్టు. ఎక్కువమంది మరిచిపోయేవి బొటనవేళ్లు, గోళ్ల కొసలు. నూనె ప్రయోగంలో మరకలు మిగిలిన చోట్లు కూడా తరచుగా ఇవే అవుతాయి కాబట్టి ఆ కాగితాలనే సాక్ష్యంగా చూపవచ్చు. కడుక్కున్నాక చేతులు ఆరనివ్వాలి, లేదా శుభ్రమైన గుడ్డతో తుడుచుకోవాలి. తడి చేతులకు క్రిములు తొందరగా అంటుతాయి. మధ్యాహ్న భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక ఈ వరుస తప్పనిసరి.

ఇక్కడి నుంచి నీటి విషయానికి రావాలి. రెండు గాజు గ్లాసుల్లో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, పిల్లలు చూడకుండా ఒకదానిలో రెండు చెంచాల పంచదార పూర్తిగా కరిగించాలి. ఏ గ్లాసులో ఏదో కలిసిందో చూసి చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. వేరువేరు చెంచాలతో ఇద్దరు పిల్లలు రుచి చూస్తే తేలిపోతుంది. తేటగా ఉన్న నీళ్లన్నీ ఒకటి కావని దీనితో అర్థమవుతుంది. వెంటనే ఒక హెచ్చరిక చేయాలి: పంచదారకు తీపి ఉంది కాబట్టి దొరికిపోయింది, క్రిములకు రంగూ రుచీ వాసనా ఉండవు. తెలియని నీళ్లను రుచి చూసి పరీక్షించకూడదు.

ఈపాటికి పటిక సీసా సిద్ధమై ఉంటుంది. పటిక వేసిన నీటిలో మట్టి కణాలు ఒకదానికొకటి అంటుకుని, దూదిపింజల్లా అడుగున చేరి, పైనీరు తేటపడుతుంది. రెండో సీసా ఇంకా మసకగానే ఉంటుంది. పల్లెల్లో చిల్లగింజను అరగదీసి బురద నీటిలో కలిపినా ఇలాంటి పనే జరుగుతుంది. ఇప్పుడు పిల్లలను అడగవలసిన ప్రశ్న ఒకటే: తేరిన ఈ నీళ్లు తాగవచ్చా? పంచదార గ్లాసును చూసినవాళ్లు తడబడకుండా వద్దంటారు. మట్టితోపాటు కొన్ని క్రిములు అడుగుకు దిగినా, మిగిలినవి తేట నీటిలోనే బతికి ఉంటాయి. ఈ సీసాల్లోని నీటిని ఎవరూ తాగకుండా పాఠం అయ్యాక మొక్కలకు పోయించాలి.

తేరిన నీటిలో క్రిములను చంపడానికి ఇంట్లో చేయగలిగినవి రెండు. నీళ్లు కళపెళ మరిగాక ఒక నిమిషం పాటు అలాగే మరగనిచ్చి, మూతపెట్టి అదే గిన్నెలో చల్లార్చడం మొదటిది. అంచుల్లో చిన్న బుడగలు రాగానే దించేస్తే పని పూర్తికాదు. రెండోది క్లోరిన్ బిళ్ల. దాని పొట్లం మీద రాసిన కొలత ప్రకారం వేసి అరగంట ఆగాలి. బురద నీటిలో క్లోరిన్ మట్టితోనే ఖర్చయిపోతుంది కాబట్టి ముందు నీటిని తేర్చుకోవాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోలాగా బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న చోట మరో జాగ్రత్త ఉంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన మేరకు దాని సాంద్రత పెరుగుతుంది. అక్కడ తాగడానికి ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న వేరే నీరు, లేదా ఫ్లోరైడ్ తీసేసిన నీరు కావాలి.

చివరి ప్రయోగం చేతినీ నీటినీ కలుపుతుంది. గాజు గిన్నెలో కాచిన తేట నీళ్లు పోసి, బిందె అనుకోమనాలి. వేళ్లకు రంగు సుద్దపొడి అంటిన ఒక పిల్లవాడు గ్లాసు అంచు పట్టుకుని ముంచుతాడు. వేళ్లు తగిలిన చోటినుంచి రంగు నీళ్లలోకి దిగడం అందరికీ కనిపిస్తుంది. నీళ్లు మార్చి, అదే పిల్లవాడు పొడవాటి కాడ గరిటెతో తీస్తే నీరు తేటగానే ఉంటుంది. ఎంత జాగ్రత్తగా కాచిన నీరైనా ముంచే చేతివల్ల మళ్లీ చెడిపోతుందని, మూత, కాడ ఉన్న గరిటె లేదా కొళాయి బిగించిన డబ్బా ఎందుకు కావాలో దీనితో తెలుస్తుంది. గరిటెను నేలమీద పెట్టకుండా మేకుకు తగిలించాలి.

బడి ట్యాంకు నీటి సంగతి తేల్చుకోవడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసా ఉపయోగపడుతుంది. 1982లో భారతీయ శాస్త్రవేత్తలు ప్రకటించిన ఈ పద్ధతి ఇప్పుడు గ్రామాల్లో నీటి పరీక్ష కిట్లలో ఉంటోంది. చిన్న సీసాలో గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, గది వేడిమిలో ఉంచాలి. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మలంతో కలుషితమైందని అనుమానించాలి. ఇది ప్రాథమిక పరీక్షే. మట్టిలోని కొన్ని బ్యాక్టీరియా వల్ల కూడా నల్లబడవచ్చు. నల్లబడకపోయినా వైరస్‌లు, ఫ్లోరైడ్ లేవని చెప్పలేము. నల్లబడితే నీటిని ప్రయోగశాలకు పంపించాలి. ఆ సీసాను పిల్లలు తెరవకూడదు. పెద్దవాళ్లు బ్లీచింగ్ పొడి కలిపి పారబోయాలి.

పాఠం పట్టిందో లేదో వారం తర్వాత చూడవచ్చు. చేతులు కడిగే చోట సబ్బు అరిగిందా, పిల్లల గోళ్లు కత్తిరించి ఉన్నాయా, నీళ్ల డబ్బాకు మూత ఉందా, గరిటె మేకుకే వేలాడుతోందా అన్నవి చూస్తే చాలు. సబ్బు అరగకపోతే తప్పు పిల్లలదే అనుకోకూడదు. కొళాయి అందనంత ఎత్తులో ఉండటమో, భోజనం గంటకు నీళ్లు రాకపోవడమో, సబ్బు బీరువాలోనే ఉండిపోవడమో కారణం కావచ్చు. కొళాయి లేని చోట ఐదు లీటర్ల నూనె డబ్బాకు మూత కింద సన్నని రంధ్రం చేసి, కర్రకు వేలాడదీసి, మూతకు కట్టిన తాడును నేలమీది పుల్లకు ముడివేస్తే, కాలితో తొక్కినప్పుడు డబ్బా వంగి సన్నగా నీళ్లు పడతాయి. పక్కనే సబ్బును వలసంచిలో కట్టి తగిలిస్తే అది నేలమీద పడదు, ఎవరూ పట్టుకుపోరు.