‘ఎప్పుడు కావాలన్నా ఇస్తాలేమ్మా!’

మా మేనకోడలు విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సంస్థలో అకౌంట్స్ చూసేది. ఏడో నెల వచ్చాక ఉద్యోగం మానేసింది. చివరి రోజు ఆఫీసులో కేకు కోశారు, సారుగారి భార్య చీర పెట్టి బొట్టు పెట్టారు. “సార్, నా లెటర్లు...” అని ఇది నసిగితే, “నీకు లేకపోవడమేంటి, ఎప్పుడు కావాలన్నా ఇస్తాలేమ్మా” అన్నారాయన. ఆ మాటతో ఇంటికొచ్చేసింది. పద్దెనిమిదేళ్లు ఆఫీసుల్లో సిబ్బంది ఫైళ్లు చూసినదాన్ని నేను. గొడవపడి మానేసినవాళ్లు కాగితాలన్నీ పట్టుకుని మరీ వెళ్తారు. ఇలా చేతులు దొరకబోయేవి మంచిగా మానేసినవాళ్లకే.

బిడ్డకు రెండేళ్లు దాటాయి. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామంది. పాత సంస్థ ఇచ్చిన రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పది రోజుల్లో పెట్టమంది. అవి చూశాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అది అయ్యాకే చేరేది.

“అత్తా, రెండూ ఒకటే కదా?” అని ఫోన్ చేసింది. కాదు. నీ రాజీనామా ఒప్పుకున్నాం, ఫలానా తేదీన పని నుంచి విడుదల చేశాం అని చెప్పేది రిలీవింగ్ లెటర్. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ హోదాలో, ఏం పని చేశావో చెప్పేది ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. చిన్న సంస్థలు రెండింటినీ కలిపి ఒకే కాగితం మీద ఇచ్చేస్తుంటాయి. కొత్త కంపెనీ రెండు అడిగితే రెండు తీసుకోవడమే మేలు.

సారుగారికి ఫోన్ చేస్తే, “రేపే ఇస్తా” అన్నారు. వాట్సాప్‌లో వచ్చింది కూడా. లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు: ఈ అమ్మాయి మా దగ్గర 2021 నుంచి 2024 వరకు సీనియర్ అకౌంటెంట్‌గా చేసింది, చాలా మంచి పిల్ల, భవిష్యత్తు బాగుండాలి అని. ఆయన ప్రేమంతా అందులో ఉంది. పనికొచ్చేది మాత్రం ఏమీ లేదు. తేదీలు లేవు. హోదా కూడా తప్పే. దాని జీతం స్లిప్పుల మీద ఉన్నది అకౌంట్స్ అసిస్టెంట్. సాయం చేద్దామని ఆయన ఒక మెట్టు పెంచారు. స్లిప్పులో ఒకటి, లెటర్‌లో ఒకటి ఉంటే, వెరిఫికేషన్ వాళ్లకు అబద్ధంలా కనబడేది అమ్మాయే, సారు కాదు.

అందుకే ముందు ఉన్న కాగితాలన్నీ బయటికి తీయమన్నాను. ఆఫర్ లెటర్ ప్రకారం చేరింది 05-07-2021న. రాజీనామా మెయిలు 20-02-2024న పంపింది. చివరి పనిదినం 22-03-2024. అంటే రెండేళ్ల ఎనిమిది నెలల పైచిలుకు. ఫామ్ 16 లేదు, దాని జీతంలో టీడీఎస్ కోతే లేదు కాబట్టి.

తర్వాత ఈపీఎఫ్ఓ సైట్‌లో దాని యూఏఎన్‌తో లాగిన్ అయ్యి Service History చూశాం. ఇక్కడ రెండు చిక్కులు బయటపడ్డాయి. పీఎఫ్‌లో చేరిన తేదీ అక్టోబరు 2021. సంస్థలో సిబ్బంది ఇరవైకి చేరాకే పీఎఫ్ మొదలుపెట్టారు, అందుకని ముందు మూడు నెలలు అందులో లేవు. రెండోది ఇంకా పెద్దది. మానేసిన తేదీ ఖాళీగా ఉంది. సంస్థ కట్టడం ఆపేసిందే గానీ తేదీ వేయలేదు. అలా వదిలేస్తే రికార్డులో ఇంకా ఆ ఉద్యోగంలోనే ఉన్నట్టు లెక్క. కొత్త కంపెనీ పీఎఫ్ మొదలుపెట్టగానే ఒకేసారి రెండు ఉద్యోగాలు కనిపిస్తాయి.

దీనికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. చివరిసారి పీఎఫ్ పడి రెండు నెలలు దాటితే ఉద్యోగే Manage కింద Mark Exit లోకి వెళ్లి తేదీ వేసుకోవచ్చు. ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. చివరి పీఎఫ్ ఏ నెలకు కట్టారో ఆ నెలలో తేదీయే వేయాలి. దానికి మార్చి వరకు కట్టారు కాబట్టి 22-03-2024 సరిపోయింది. తేదీ తప్పు పడకూడదని రాజీనామా మెయిలు పక్కన పెట్టుకుని మరీ వేయించాను. మొదటి మూడు నెలలకు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం పడిన లైన్లు తీసి పెట్టుకుంది.

అప్పుడు సారుకి మెయిలు రాసింది. ఆఫీసు ఇంగ్లీషులోనే రాసింది గానీ సారాంశం ఇది:

“సార్, నమస్కారం. మీరు వెంటనే లెటర్ పంపినందుకు చాలా థ్యాంక్స్. కొత్త కంపెనీవాళ్లు కచ్చితమైన తేదీలతో రెండు విడి లెటర్లు అడుగుతున్నారు. నేను 05-07-2021న చేరి, 20-02-2024న రాజీనామా ఇచ్చి, పని అప్పగించి, 22-03-2024న రిలీవ్ అయ్యాను. హోదా అకౌంట్స్ అసిస్టెంట్. రెండు లెటర్ల డ్రాఫ్టులు, నా ఆఫర్ లెటర్, రాజీనామా మెయిలు జతచేశాను. మీ రికార్డుతో ఒకసారి సరిచూసి, తేడా ఉంటే చెప్పండి. ఈ నెల 18లోగా సంతకం, స్టాంపుతో ఇప్పిస్తే నాకు చాలా మేలు. వెరిఫికేషన్‌కు ఎవరి ఫోన్ నంబరు, మెయిల్ ఇమ్మంటారో కూడా చెప్పండి.”

చిన్న ఆఫీసులో హెచ్ఆర్ అంటూ ఎవరూ ఉండరు. డ్రాఫ్టు మనమే పంపితే పని అరగంటలో అయిపోతుంది, లేకపోతే ‘రేపు’ దగ్గరే ఆగుతుంది. హోదా తగ్గించి రాయమన్నందుకు సారు మొదట నొచ్చుకున్నారట. స్లిప్పు ఫొటో చూపిస్తే ఒప్పుకున్నారు.

ఇంతలో మా వదిన ఓ సలహా ఇచ్చింది. “రిలీవింగ్ లెటర్‌కు పాత తేదీ వేయించు, అప్పుడే ఇచ్చినట్టుంటుంది.” ఆ పనే వద్దన్నాను. ఆ సంస్థ నిరుడు కొత్త చోటికి మారింది, లెటర్‌హెడ్ మీద కొత్త అడ్రసు ఉంది. 2024 తేదీతో 2024లో లేని అడ్రసు! లెటర్ మీద ఇవాళ్టి తేదీయే ఉండాలి, లోపల మాత్రం 22-03-2024న రిలీవ్ చేశామని రాయాలి. ఆలస్యంగా ఇచ్చారంటే తప్పేం లేదు.

లెటర్లు 16వ తేదీన వచ్చాయి. ఒరిజినల్స్ రెండేసి సెట్లు సంతకం చేయించుకుని, స్కాన్ చేసి పంపింది. ఇక అయిపోయిందనుకున్నాం. మూడు రోజులకు కొత్త కంపెనీ నుంచి మెయిలు: పాత యజమాని చెప్పిన సర్వీసు లెటర్‌తో కలవడం లేదు, వివరణ ఇవ్వండి.

సారుకే ఫోన్ వెళ్లిందట. “ఆ పిల్లా? బంగారం! నాలుగేళ్లు కష్టపడి చేసింది” అన్నారట. పొగిడే ఊపులో ఏడాదికి పైగా కలిపేశారు. వెరిఫికేషన్ ఏజెన్సీవాళ్లకు బంగారం గడి ఉండదు కదా, తేదీల గడే ఉంటుంది.

ఫోన్‌లో చెప్పింది నోటిమాట, దాన్ని మార్చాలన్నా కాగితమే కావాలి. సంస్థ మెయిల్ నుంచి ఒక్క లైను రాయించమన్నాను: ఫోన్‌లో చెప్పిన కాలం పొరపాటు, మా రికార్డు ప్రకారం 05-07-2021 నుంచి 22-03-2024 వరకు అని. ఇటు అమ్మాయి Service History పేజీ, మొదటి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టి, పీఎఫ్ ఆలస్యంగా ఎందుకు మొదలైందో రెండు వాక్యాల్లో రాసింది. మర్నాడే సరే అన్నారు. రెండు లెటర్లలోని తేదీలు సారు ఫోన్‌కు ముందే మెసేజ్‌గా పెట్టి, “ఎవరైనా అడిగితే ఇవి చూసి చెప్పండి సార్” అని ఉంటే ఆ మూడు రోజుల గుండెదడ ఉండేది కాదు. అది నాకూ తట్టలేదు.

ఇప్పుడు అది హైదరాబాద్‌లో చేరి నెలైంది. మొన్న అదే సంస్థలో స్టోర్స్ చూసిన అబ్బాయి కూడా మానేశాడట. సారు ఈసారి చివరి రోజే లెటర్లు చేతిలో పెట్టారట, మా అమ్మాయి డ్రాఫ్టులోనే పేరు మార్చి. తేదీలు, హోదా అన్నీ సరిగ్గానే ఉన్నాయట గానీ, కిందికి వచ్చేసరికి ‘ఆమె భవిష్యత్తు’ అనే ఉందట. ఆ అబ్బాయి మళ్లీ లెటర్ కోసం తిరుగుతున్నాడు.